లాభం పెరిగింది, షేరుకు వచ్చేది తగ్గింది

హైదరాబాదులోని ఒక మధ్యస్థాయి బల్క్ డ్రగ్ కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు, బోర్డులోకి కొత్తగా వచ్చిన స్వతంత్ర డైరెక్టరుకు రాసిన ఉత్తరం ఇది. కంపెనీ ఊహించినది, అంకెలు లెక్కకు వీలుగా సర్దినవి. నిబంధనలు మాత్రం మన దేశంలో లిస్టయిన ఏ కంపెనీకైనా వర్తించేవే.

ప్రొఫెసర్ గారికి నమస్కారం.

మొన్నటి బోర్డు మీటింగులో 2024-25 ఫలితాల కాగితం మీద మీరు పెన్సిలుతో రెండు చోట్ల గీత పెట్టడం చూశాను. నికర లాభం 83 కోట్ల నుంచి 94 కోట్లకు పెరిగిందన్న వరుస ఒకటి. పేజీ అడుగున, షేరుకు ఆదాయం 20 రూపాయల నుంచి 18 రూపాయల 75 పైసలకు తగ్గిందన్న వరుస రెండోది. "వీటిలో ఏదో ఒకటి తప్పై ఉండాలి కదండీ" అని అడిగారు. అప్పటికే భోజనాల వేళ దాటిపోయింది, ఛైర్మన్ గారు తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో "షేర్లు పెరిగాయండీ" అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ జవాబు సగమే. మిగతా సగంలోనే కొత్త డైరెక్టరుకు పనికొచ్చే సంగతి ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

రెండు అంకెలూ ఒప్పే. ముందు పై అంకె సంగతి తేల్చేద్దాం, అది చిన్నది. 94 కోట్లలో మన వాటాదారులకు చెందేది 90 కోట్లే. మన అనుబంధ సంస్థలో మనకున్నది 60 శాతం, మిగతా 40 శాతం వేరేవాళ్లది. ఆ సంస్థ ఈ ఏడాది సంపాదించిన 10 కోట్లూ ఉమ్మడి లెక్కల్లో మొత్తంగా చేరతాయి, వాళ్ల 4 కోట్లు కింద విడిగా తీసి చూపిస్తాం. కిందటేడు వాళ్ల వాటా 3 కోట్లు, కాబట్టి అప్పుడు మన వాటాదారులది 80 కోట్లు. పేపర్లో వచ్చే హెడ్డింగు 83 నుంచి 94కు. షేరుకు ఆదాయం లెక్కలోకి వెళ్లేది 80 నుంచి 90కి, అంటే పన్నెండున్నర శాతం పెరుగుదల. మన దగ్గర ప్రిఫరెన్స్ షేర్లు లేవు. ఉండి ఉంటే వాటి డివిడెండు కూడా ఇక్కడే తీసేయాల్సి వచ్చేది.

అసలు కథ విభాజకంలో ఉంది. కిందటేడు మనకు 4 కోట్ల షేర్లు. ఈ ఏడాది 2024 జూన్ 13న సంస్థాగత మదుపరులకు ఒక్కోటి 300 రూపాయల చొప్పున ఇంకో కోటి షేర్లు కేటాయించాం. దాన్నే మా వాళ్లు క్యూఐపీ అంటారు. మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలు లాంటి పెద్ద మదుపరులకు మాత్రమే ఇచ్చే పద్ధతి, 2006లో సెబీ తెచ్చింది. 300 కోట్లు చేతికొచ్చాయి. మార్చి 31 నాటికి మొత్తం 5 కోట్ల షేర్లు.

అయితే 90 కోట్లను 5 కోట్లతో భాగిస్తే 18 రూపాయలు రావాలి, 18.75 ఎలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. మీరు కొన్నేళ్లు హాస్టల్ వార్డెనుగా చేశారని విన్నాను, కాబట్టి డివైడింగ్ మెస్ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. నెల ఖర్చును నెలాఖరుకు ఎంతమంది ఉన్నారన్న దానితో భాగించరు. ఎవరెన్ని రోజులు తిన్నారో హాజరు పట్టీలో కూడి, ఆ మొత్తంతో భాగిస్తారు. షేర్ల లెక్కా అంతే. ఇండ్ ఏఎస్ 33 అనే ప్రమాణం ప్రకారం ప్రతి షేరూ ఏడాదిలో ఎన్ని రోజులు ఉందో చూడాలి. పాత 4 కోట్లు పూర్తి 365 రోజులూ ఉన్నాయి. కొత్త కోటి జూన్ 13 నుంచి మార్చి 31 వరకు, 292 రోజులు. ఏడాదిలో అది సరిగ్గా అయిదింట నాలుగు వంతులు.

```
పాత షేర్లు   4 కోట్లు × 365/365 = 4.0 కోట్లు
కొత్త షేర్లు  1 కోటి  × 292/365 = 0.8 కోట్లు
సగటు                            4.8 కోట్లు
90 ÷ 4.8 = 18.75
```

లాభం పన్నెండున్నర శాతం పెరిగితే సగటు షేర్లు 20 శాతం పెరిగాయి. అందుకే షేరుకు ఆదాయం ఆరుంపావు శాతం తగ్గింది. ఇందులో తిరకాసు ఏమీ లేదు.

ఈ అంకెను బయట రకరకాలుగా చూస్తారు. ఒక బిజినెస్ ఛానల్లో 18 అని వేశారు, అంటే మార్చి ఆఖరు షేర్లతో భాగించారు. ఇంకో చోట 19.58 కనిపించింది. ఆ అంకె ఎలా వచ్చిందా అని నేనే కాసేపు చూశాను. 94ను 4.8తో భాగించారు, అంటే అనుబంధ సంస్థలో బయటివాళ్ల వాటాను తీయడం మరిచారు. ఇలాంటివి మీ కంటబడితే మన వార్షిక నివేదికలో ఈపీఎస్ నోటు తెరవండి. లాభం ఏది, షేర్లు ఏవి, రెండూ అక్కడ పక్కపక్కన ఉంటాయి. ఇంకో సంగతి. నాలుగు త్రైమాసికాల ఈపీఎస్‌లు కూడితే ఏడాది ఈపీఎస్ రాదు. ఏప్రిల్-జూన్‌లో కొత్త షేర్లు 18 రోజులే ఉన్నాయి, తర్వాతి మూడు త్రైమాసికాల్లో పూర్తిగా ఉన్నాయి. ప్రతి త్రైమాసికానికి విభాజకం వేరు. కూడిక కలవలేదని మీకు ఎవరైనా ఫోను చేస్తే కంగారు పడకండి.

ఇప్పటిదాకా చెప్పింది లెక్క మాత్రమే. షేర్లు పెరిగినంత మాత్రాన షేరుకు ఆదాయం తగ్గాలని రూలేం లేదు. కొత్త షేర్లు ఊరికే రాలేదు, వాటితోపాటు 300 కోట్ల డబ్బు వచ్చింది. ఆ డబ్బు కొత్త షేర్ల వంతుకు సరిపడా సంపాదించి ఉంటే ఈపీఎస్ తగ్గేది కాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఆ 300 కోట్లు ఏం సంపాదించాయన్నది.

మీ కోసం ఆ లెక్క విడిగా వేశాను. 60 కోట్లతో పది శాతం వడ్డీ టర్మ్ లోను కట్టేశాం. దానివల్ల 292 రోజుల్లో 4 కోట్ల 80 లక్షల వడ్డీ మిగిలింది. 240 కోట్లు జడ్చర్ల కొత్త బ్లాకుకు. అందులో పెద్ద భాగం రియాక్టర్లకు, సివిల్ కాంట్రాక్టరుకు అడ్వాన్సులుగా వెంటనే వెళ్లిపోయింది, మిగతాది ఖర్చయ్యేదాకా బ్యాంకు డిపాజిట్లలో ఉంది. ఆ డిపాజిట్ల మీద 3 కోట్ల 20 లక్షలు వచ్చాయి. రెండూ కలిపి 8 కోట్లు, పాతిక శాతం పన్ను పోతే 6 కోట్లు.

అంటే క్యూఐపీ లేకపోయి ఉంటే మన వాటాదారుల లాభం 84 కోట్లు, షేర్లు 4 కోట్లు, షేరుకు 21 రూపాయలు. పాత వ్యాపారం 80 నుంచి 84కు, అయిదు శాతం పెరిగింది. పేపర్లు రాసిన పెరుగుదలలో సగానికి పైగా కొత్త షేర్లు అమ్మి తెచ్చిన డబ్బు వల్ల వచ్చిందేనని నేను మీకు చెప్పకపోతే లెక్కలో ఇంకెక్కడా మీకు కనిపించదు. లాభం పెరిగిందన్న వాక్యం నిజమే. కొనుక్కున్న పెరుగుదలకూ పండించిన పెరుగుదలకూ మధ్య తేడా ఆ వాక్యంలో లేదు.

కొత్త డబ్బు ఎంత సంపాదిస్తే చాలు అన్నదానికి ఒక చిన్న కొలత ఉంది, దాన్ని మీటింగుల్లో ఎవరూ ఎందుకు వాడరో నాకు తెలియదు. ఉన్న ఈపీఎస్‌ను కొత్త షేరు అమ్మిన ధరతో భాగించండి. మనకది 21 ÷ 300, అంటే ఏడు శాతం. పన్ను పోను ఏడు శాతానికి పైన సంపాదించే ఏ పనిలో పెట్టినా పాత వాటాదారు షేరుకు నష్టం లేదు, దానికి తక్కువైతే ఆ మేరకు నష్టం. మార్కెట్ వాళ్లు చెప్పుకునే పీఈ నిష్పత్తిని తలకిందులు చేస్తే వచ్చేదే ఇది. అందుకే షేరు ధర ఎక్కువున్నప్పుడు కంపెనీలు షేర్లు అమ్మడానికి ఎగబడతాయి. 400కు అమ్మి ఉంటే అదే 300 కోట్లకు 75 లక్షల షేర్లు చాలేవి, దాటాల్సిన గీత అయిదుంపావు శాతానికి దిగేది. క్యూఐపీలో ధర మన ఇష్టం కాదు. ముందటి రెండు వారాల ముగింపు ధరల్లో వారం వారం గరిష్ఠ, కనిష్ఠాల సగటు మీద సెబీ కనీస ధర ఉంటుంది. వాటాదారులు ఒప్పుకుంటే అయిదు శాతం దాకా తగ్గించవచ్చు.

ఈ ఏడు శాతం గీత పక్కన మన డబ్బును పెట్టి చూడండి. లోను తీర్చిన 60 కోట్లు పన్ను పోను ఏడున్నర శాతం మిగిల్చాయి, గీత దాటాయి. డిపాజిట్లలో ఉన్నది పన్ను పోను అయిదుంపావు శాతం దగ్గర ఆగింది. కొత్త బ్లాకులోకి వెళ్లిన డబ్బు సంపాదించింది మాత్రం సున్నా. 292 రోజులకు గీత ప్రకారం రావాల్సింది 16 కోట్ల 80 లక్షలు, వచ్చింది 6. లోటు 10 కోట్ల 80 లక్షలు, దాన్ని 4.8 కోట్ల షేర్లకు పంచితే షేరుకు రెండుంపావు రూపాయలు. ఇరవై ఒకటిలోంచి రెండుంపావు తీస్తే పద్దెనిమిది ముప్పావు, మీరు గీత పెట్టిన అంకె.

బ్లాకు సున్నా ఎందుకంటే, కెమిస్ట్రీ చెప్పినవారు మీరు, నాకంటే బాగా ఊహించగలరు. రియాక్టర్లు బిగించినంత మాత్రాన మందు ముడిసరుకు అమ్మకానికి రాదు. ప్రతి ఉత్పత్తికీ మూడు వాలిడేషన్ బ్యాచ్‌లు తీయాలి. ఆ నమూనాలను 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ ఉన్న గదిలో ఆరు నెలలు ఉంచి నిలకడ చూడాలి. ఆ సమాచారంతో ఫైలింగు, ఆ తర్వాత కొనే కంపెనీల ఆడిట్లు, విదేశీ నియంత్రణ సంస్థల తనిఖీ. షేర్లు కేటాయించిన రోజు నుంచే విభాజకంలో కూర్చుంటాయి. వాటితో కొన్న యంత్రం లవంలోకి రావడానికి రెండేళ్లు పడుతుంది. ఈ మధ్య కాలమే మీరు చూసిన తగ్గుదల.

దీని మీద మీటింగులో ఇంకో డైరెక్టరు గారు ఒక మాట అన్నారు, మీకు గుర్తుండి ఉంటుంది: "అప్పు చేసి కట్టుంటే ఈపీఎస్ తగ్గేది కాదు కదా." ఆయన మాట ఈ ఏడాదికి నిజం. కానీ ఆ నిజం వెనక ఒక లెక్కల నియమం ఉంది. బ్లాకు కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీని, కట్టడం పూర్తయ్యేదాకా ఖర్చులో రాయరు. ఇండ్ ఏఎస్ 23 ప్రకారం దాన్ని బ్లాకు ఖరీదులోనే కలిపేస్తారు. 240 కోట్లకు పది శాతం వడ్డీ అంటే ఏటా 24 కోట్లు, లాభనష్టాల ఖాతాలో ఒక్క రూపాయి కనిపించదు. వాటాదారుడి డబ్బుకు అలాంటి సదుపాయం లేదు. కొత్త షేరు మొదటి రోజు నుంచే పంపకంలో ఉంటుంది. ఒకే బ్లాకు, ఒకే ఖర్చు, అప్పుతో కడితే ఈపీఎస్ నిటారుగా, షేర్లతో కడితే వంగిపోయి కనిపిస్తుంది. బ్లాకు సిద్ధమైన మరునాటి నుంచి బొమ్మ తిరగబడుతుంది. అప్పు చేసిన కంపెనీకి ఆ 24 కోట్లు, పన్ను పోను 18 కోట్లు, ఒక్కసారిగా లాభం మీద పడతాయి. దాంతోపాటు కట్టేటప్పుడు ఖరీదులో కలిపిన వడ్డీ కూడా తరుగుదల రూపంలో నెమ్మదిగా తిరిగొస్తుంది. మనకు వడ్డీ భారం ఉండదు. అప్పు మంచిదా షేర్లు మంచివా అన్నది బ్లాకు ఆలస్యమైతే కిస్తీలు ఎలా కడతామన్న దాన్ని బట్టి తేల్చాల్సిన విషయం. ఈ ఏడాది ఈపీఎస్ చూసి తేల్చేది కాదు. ఫార్మాలో తనిఖీ ఒక్కసారి వాయిదా పడితే ఏడాది పోతుంది. నా వరకు నాకు ఆ 240 కోట్లు షేర్ల రూపంలో రావడమే నిద్రపట్టే దారి.

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక చేయాలి. వచ్చే ఏడాది ఇంకా బాగోదు. ఈ ఏడాది కొత్త షేర్లు 0.8 కోట్లుగానే లెక్కలోకి వచ్చాయి, వచ్చే ఏడాది పూర్తి కోటి. కొత్తగా ఒక్క షేరు కూడా ఇవ్వకపోయినా విభాజకం 4.8 నుంచి 5 కోట్లకు పెరుగుతుంది. లాభం 90 కోట్ల దగ్గరే ఉంటే షేరుకు 18 రూపాయలు. 18.75 నిలబెట్టుకోవడానికే 93 కోట్ల 75 లక్షలు కావాలి, పాత 20 రూపాయలకు 100 కోట్లు. దీనికి తోడు బ్లాకు వాడుకకు సిద్ధమైన రోజు నుంచి తరుగుదల మొదలవుతుంది, ఆర్డర్లు వచ్చినా రాకపోయినా. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు మందుల తయారీ రియాక్టర్లకు ఇచ్చిన ఆయుర్దాయం 20 ఏళ్లు, ఫ్యాక్టరీ భవనాలకు ఇంకా ఎక్కువ. సర్దుకుని చూస్తే ఏటా సుమారు 10 కోట్లు. డిపాజిట్లు ఖర్చయిపోతాయి కాబట్టి ఆ వడ్డీ ఆదాయమూ పోతుంది. నమూనాలు గదిలో ఆరు నెలలు కూర్చున్నప్పుడు మన ఖాతాలో తరుగుదల కూర్చుంటుంది. వచ్చే ఏడాది మే నెలలో ఈ అంకె చూసి మీరు నన్ను మళ్లీ అడిగే లోపు ఈ ముక్క మీ దగ్గర రాతపూర్వకంగా ఉండటం మంచిదనిపించింది.

ఫలితాల కాగితంలో 18.75 కింద 18.37 అని ఇంకో అంకె ఉంది, డైల్యూటెడ్ ఈపీఎస్. దాన్ని త్వరగా చెప్పేస్తాను. మన ఉద్యోగులకు 150 రూపాయలకు షేరు కొనుక్కునే ఆప్షన్లు 20 లక్షలు ఉన్నాయి, అన్నీ వాడుకునే దశకు వచ్చినవే. వాళ్లందరూ ఇప్పుడే కొనేస్తే కంపెనీకి 30 కోట్లు వస్తాయి. ఏడాది సగటు మార్కెట్ ధర 300తో ఆ డబ్బుకు 10 లక్షల షేర్లే వస్తాయి. మిగతా 10 లక్షలూ ఉచితంగా ఇచ్చినట్టే. అందుకే ఆ 10 లక్షలనే సగటుకు కలిపి 4.9 కోట్లతో భాగిస్తాం. షేరు ధర పెరిగేకొద్దీ ఈ ఉచిత భాగం పెరుగుతుంది. మార్కెట్లో మనకు మంచి రోజులు వస్తే ఆ అంకె ఇంకొంచెం తగ్గుతుంది, వింతగా తోచినా.

మీరు మీటింగు తర్వాత నడుస్తూ అడిగిన ఇంకో ప్రశ్న: వేరే కంపెనీలు బోనస్ షేర్లు ఇచ్చి షేర్ల సంఖ్య రెట్టింపు చేస్తాయి కదా, అక్కడ ఈపీఎస్ సగమై జనం గగ్గోలు పెట్టరేం? ఎందుకంటే అక్కడ పాత అంకెలను కూడా మార్చేస్తారు. 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. కంపెనీలోకి ఒక్క రూపాయి రాలేదు, ఉన్న రొట్టెనే రెండింతల ముక్కలు చేశారు. అలాంటప్పుడు అంతకు ముందరి ఏడాదుల ఈపీఎస్‌ను కూడా సగం చేసి పక్కన చూపించాలి, అప్పుడే పోలిక నిలుస్తుంది. మన క్యూఐపీలో షేరుకు మార్కెట్ ధరకు దగ్గరగా డబ్బు వచ్చింది కాబట్టి కిందటేటి 20 రూపాయలను ముట్టుకోకూడదు.

రైట్స్ ఇష్యూ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, కొంత అమ్మకం, కొంత బోనస్. మార్కెట్లో 300 ఉన్న షేరును, నాలుగుకు ఒకటి చొప్పున 200కే పాత వాటాదారులకు ఇచ్చామనుకోండి. నాలుగు షేర్లు 1200, కొత్తది 200, అయిదింటికి 1400. ఇచ్చాక షేరు విలువ 280 అవ్వాలి. 300 నుంచి 280కి దిగిన ఆ మేరకు అది బోనస్. కాబట్టి కిందటేటి 20ని 280/300తో గుణించి 18.67గా మార్చి చూపించాలి. మనం ఆ దారి ఎంచుకుని ఉంటే, మీరు గీత పెట్టిన పోలికలో కిందటేటి అంకె 20గా ఉండేది కాదు.  రెండు కంపెనీల ఈపీఎస్ పెరుగుదలలను పక్కపక్కన పెట్టేముందు షేర్లు ఏ దారిన పెరిగాయో చూడమని నేను మా జూనియర్లకు చెప్పేది ఇందుకే.

ఇక బోర్డులో మీరు పట్టుకోవాల్సిన అంకె ఏదంటే నా ఉద్దేశం ఇది. బ్లాకులో పెట్టిన 240 కోట్లకు ఏడు శాతం గీత అంటే పన్ను పోను ఏటా 16 కోట్ల 80 లక్షలు. పన్నుకు ముందు 22 కోట్ల 40 లక్షలు. తరుగుదల 10 కోట్లు కలిపితే బ్లాకు నిర్వహణ లాభం ఏటా 32 కోట్ల పైచిలుకు రావాలి. ఇరవై శాతం మార్జిన్ వచ్చే సరుకు అయితే 160 కోట్లకు పైగా అమ్మకాలు. ముడిసరుకు నిల్వలకు, బాకీలకు బ్యాంకు ఇచ్చే వర్కింగ్ క్యాపిటల్ వడ్డీ నేను ఇందులో వేయలేదు, అది వేస్తే ఇంకొంచెం పెరుగుతుంది. ప్రతి త్రైమాసికానికీ ప్లాంట్ హెడ్ గారు వచ్చి వాలిడేషన్ ఎన్ని బ్యాచ్‌లు అయ్యాయి, ఫైలింగులు ఎన్ని వెళ్లాయి అని చెబుతారు. ఆ స్లయిడు పక్కన ఈ 160 కోట్లు పెట్టి, ఇప్పటికి ఎన్ని కోట్లకు కొనేవాళ్లు ఒప్పుకున్నారని అడగండి. ఇప్పటిదాకా ఎవరూ అలా అడగలేదు. నేను అడిగితే "అకౌంట్స్ వాళ్ల చాదస్తం" అవుతుంది, మీరు అడిగితే మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

ఆఖరుది కొంచెం ఇబ్బందికరమైన సంగతి. మీరు నామినేషన్, రెమ్యూనరేషన్ కమిటీలో కూడా ఉన్నారు కాబట్టి రాయక తప్పదు. మేనేజింగ్ డైరెక్టరు గారి కమీషన్ కంపెనీల చట్టం 197, 198 సెక్షన్ల కింద నికర లాభంలో శాతంగా ఉంటుంది. ఒక్క షేరుకు ఎంత అన్న దాంతో దానికి సంబంధం లేదు. 300 కోట్లు తెచ్చి బ్యాంకు డిపాజిట్లో పడేసినా లాభం పెరుగుతుంది, కమీషన్ పెరుగుతుంది, షేరుకు ఆదాయం తగ్గుతుంది. మన కంపెనీలో ఎవరూ ఆ ఉద్దేశంతో చేశారని నేను అనడం లేదు, బ్లాకు నిజంగా అవసరమే. కానీ ఒప్పందంలో ఉన్న లెక్క ఆ వైపే మొగ్గుతుంది. లాభంలో చట్టం అనుమతించే ఒక శాతంలోపు డైరెక్టర్లకు ఇచ్చే కమీషన్‌దీ ఇదే వరస, అందులో మీదీ ఉంది. మేనేజింగ్ డైరెక్టరు గారి ఒప్పందం కొత్తది రాసేటప్పుడు, కమీషన్‌లో కొంత భాగాన్ని డైల్యూటెడ్ ఈపీఎస్‌కు గానీ, మొత్తం పెట్టుబడి మీద రాబడికి గానీ ముడిపెట్టే మాట కమిటీ ముందు పెట్టవచ్చు. ఈపీఎస్‌కు ముడిపెడితే ఇంకో దొంగదారి తెరుచుకుంటుందని కూడా చెప్పాలి. అప్పు చేసి షేర్లు తిరిగి కొనేస్తే లాభం పెరగకుండానే ఈపీఎస్ పెరుగుతుంది. అందుకే నేనైతే పెట్టుబడి మీద రాబడి వైపే మొగ్గుతాను.

రోజుల వారీ షేర్ల పట్టిక, క్యూఐపీ డబ్బు ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందన్న బ్యాంకు స్టేట్‌మెంటు, ఈపీఎస్ నోటు ముసాయిదా, మూడూ దీనితో జతచేశాను. పట్టికలో జూన్ 13 వరుస దగ్గర మా ఆడిటర్ల టిక్ ఉంటుంది. షేర్ల డబ్బు మనకు రావాల్సిన తేదీ అదే అని వాళ్లు ఎస్క్రో ఖాతాతో సరిచూసిన గుర్తు. ఆ తేదీని మార్చి చూడండి, వారం అటూ ఇటూ అయితే ఈపీఎస్ ఎన్ని పైసలు కదులుతుందో మీకే తెలుస్తుంది.

ఇట్లు,
ఫైనాన్స్ మేనేజరు